ఫార్వర్డ్ బయాస్ అనే తారకమంత్రం

ఎలక్ట్రానిక్స్ వైవాల్లో తరతరాలుగా నమ్ముకున్న జవాబు ఒకటుంది. మొన్న నా కళ్లముందే దానికి తీరని అవమానం జరిగింది. ఇంటర్నల్‌గా పక్క కుర్చీలో కూర్చున్నవాణ్ణి కాబట్టి సాక్ష్యం చెప్పక తప్పదు.

"కామన్ బేస్‌లో ఇన్‌పుట్ రెసిస్టెన్స్ ఎందుకు తక్కువ?" అని అడిగారు ఎక్స్‌టర్నల్.

"ఎమిటర్-బేస్ జంక్షన్ ఫార్వర్డ్ బయాస్‌లో ఉంటుంది కాబట్టి సార్."

నిమిషం కూడా పట్టలేదు. మార్కులు వేసి తర్వాతివాణ్ణి పిలవడం మర్యాద. ఆయన అలా చేయలేదు.

"కామన్ ఎమిటర్‌లో ఆ జంక్షన్ ఎలా ఉంటుంది?"

"ఫార్వర్డ్ బయాసే సార్."

"మరి అక్కడ ఎందుకు ఎక్కువ?"

కుర్రాడు ఫ్యాన్ వైపు చూశాడు. నేనూ చూశాను. ఒకే జంక్షన్, ఒకే బయాస్, ఒకే ట్రాన్సిస్టర్. ఒకచోట 26 ఓమ్‌లు, ఇంకోచోట 2600. ఇలాంటి విషయాలు పైకి అనకూడదు. అంటే రికార్డు పుస్తకాలు ఏమైపోవాలి?

తర్వాత వచ్చిన అమ్మాయి ఇంకా ఘోరం. మంత్రం చదవకుండా కాగితం అడిగింది. ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్ గీసి, ఎమిటర్ కరెంట్ 1 మిల్లీఆంపియర్, సప్లై 12 వోల్టులు, కలెక్టర్ రెసిస్టర్ 4.7 కిలో ఓమ్‌లు అని రాసుకుంది. రెసిస్టర్ మీద 4.7 వోల్టులు పోగా కలెక్టర్ దగ్గర 7.3 వోల్టులు.

"ముందు కామన్ బేస్‌లో ఫేజ్ ఎందుకు తిరగదో చెప్పమ్మా."

"ఎమిటర్‌ని 1 మిల్లీవోల్ట్ పైకి లేపాననుకోండి సార్. బేస్‌ని కెపాసిటర్ కదలనివ్వదు. అంటే బేస్‌కీ ఎమిటర్‌కీ మధ్య వోల్టేజ్ 1 మిల్లీవోల్ట్ తగ్గినట్టే. ట్రాన్సిస్టర్ చూసేది ఆ తేడానే. కరెంట్ దాదాపు 38 మైక్రోఆంపియర్లు తగ్గుతుంది. కలెక్టర్ రెసిస్టర్ మీద డ్రాప్ 0.18 వోల్ట్ తగ్గి, కలెక్టర్ 7.48కి లేస్తుంది. ఇన్‌పుట్ లేచింది, అవుట్‌పుట్ కూడా లేచింది. అదే 1 మిల్లీవోల్ట్ బేస్‌కి ఇస్తే తేడా పెరిగి, కరెంట్ పెరిగి, కలెక్టర్ కిందికి దిగేది."

"బేస్ గ్రౌండ్ అయింది కాబట్టి తిరగదు సార్" అని నాలుగు మాటల్లో తేలిపోయేదానికి ఇంత రాద్ధాంతం! ఆ 38 మైక్రోఆంపియర్లతోనే రెండోదైన ఇన్‌పుట్ రెసిస్టెన్స్ ప్రశ్ననూ పడగొట్టింది.

"కరెంట్ తగ్గింది ట్రాన్సిస్టర్‌లో సార్. కింద ఎమిటర్ రెసిస్టర్ మాత్రం తన 1 మిల్లీఆంపియర్ తనకు కావాలంటుంది. ఆ లోటు ఎవరు పూడ్చాలి? సిగ్నల్ ఇచ్చినవాడే. 1 మిల్లీవోల్ట్ కదిలించినందుకు 38 మైక్రోఆంపియర్లు చెల్లించుకోవాలి. 1 mV / 38 µA, అంటే సుమారు 26 ఓమ్‌లు. కామన్ ఎమిటర్‌లో సిగ్నల్ భరించేది బేస్ వాటా ఒక్కటే. బీటా 100 అయితే అది 0.38 మైక్రోఆంపియర్. మిగతాది సప్లై ఖాతాలో పోతుంది. అందుకే అక్కడ 2600."

అంటే తేడా జంక్షన్‌లో లేదు, బిల్లు ఎవరు కడుతున్నారన్న దాంట్లో ఉంది. ఇన్నేళ్లూ జంక్షన్‌ని అనవసరంగా ఆడిపోసుకున్నామన్నమాట.

ఎక్స్‌టర్నల్ అక్కడితో ఆగక ల్యాబ్ రీడింగులు తెప్పించారు. మా ఫంక్షన్ జనరేటర్ లోపల 50 ఓమ్‌లున్నాయి. ఏమీ తగిలించకుండా 10 మిల్లీవోల్టులు పెట్టి, సర్క్యూట్‌కి కలపగానే ఎమిటర్ దగ్గర సుమారు 3.4 మాత్రమే కనిపిస్తుంది. ఎదురుగా 26 ఓమ్‌లే ఉంటే మరేం మిగులుతుంది? ప్రతి బ్యాచూ దీన్ని జనరేటర్ జబ్బు కిందే రాసేది. ప్రోబ్ మార్చేవాళ్లు, వైర్లు మార్చేవాళ్లు, ఒకరిద్దరు జనరేటర్‌ని చేత్తో తట్టేవాళ్లు కూడా. అవుట్‌పుట్ దాదాపు 0.62 వోల్ట్ వచ్చేది. దాన్ని 10తో భాగిస్తే గెయిన్ 62. థియరీ 180 అంటుంది. 3.4తో భాగిస్తే 180 దానంతటదే వస్తుందని ఎవరికీ తట్టక, రికార్డులో అవుట్‌పుట్‌ని 1.8 వోల్టులుగా దిద్దేవాళ్లు. నేను సంతకం పెట్టేవాణ్ణి.

"ఇందులో 1.8 ఎలా వచ్చిందండీ?" అని ఎక్స్‌టర్నల్ ఈసారి నన్నడిగారు.

"జంక్షన్ ఫార్వర్డ్ బయాస్‌లో ఉంది కదండీ" అన్నాను.