భయపడాల్సింది కండ వస్తుందని కాదు, పోతుందని

బరువు తగ్గాలని జిమ్‌లో చేరిన ఆడవాళ్లలో చాలామంది నేరుగా ట్రెడ్‌మిల్ ఎక్కుతారు. ట్రైనర్ డంబెల్స్ వైపు చెయ్యి చూపిస్తే ‘వద్దండీ, నాకు సన్నబడితే చాలు, కండలు అక్కర్లేదు’ అంటారు. ఆ భయాన్ని నేను వెక్కిరించను. కానీ అది తప్పు చోట పెట్టుకున్న భయం. తిండి తగ్గించి, నడక మాత్రమే నమ్ముకున్న మనిషి ఒంట్లోంచి కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. రాని కండకి భయపడి, ఉన్న కండని పోగొట్టుకోవడం అంటే ఇదే.

హార్మోన్ల వాదన అందరూ విన్నదే. మగవాళ్ల రక్తంలో ఒక డెసిలీటరుకి టెస్టోస్టెరాన్ సుమారు 300 నుంచి 1000 నానోగ్రాములు ఉంటే, ఆడవాళ్లలో 15 నుంచి 70 దాకా ఉంటుంది. అందుకే కండలు రావు, నిశ్చింతగా ఎత్తండి అని చెప్పి చేతులు దులుపుకుంటారు. అది సగం నిజమే. పద్ధతిగా బరువులెత్తితే ఆడవాళ్లకీ కండ పెరుగుతుంది. మొదట ఉన్నదాంతో పోల్చి శాతంలో చూస్తే మగవాళ్లకి దాదాపు సమానంగానే పెరుగుతుంది. తేడా ఎక్కడంటే, ఆడవాళ్లు మొదలుపెట్టేదే తక్కువ కండతో. నడుం పైభాగంలో మగవాళ్ల కంటే సగటున 40 శాతం దాకా తక్కువ ఉంటుంది. తక్కువ మొత్తంలో పది శాతం తక్కువే కదా! కొత్తగా మొదలుపెట్టిన ఆవిడ కడుపు నిండా తిని, ఏ వారమూ మానకుండా చేసినా నెలకి అర కిలో కండ వస్తే అది మంచి ఫలితం. తిండి తగ్గించి కొవ్వు కరిగించే రోజుల్లో అంత కూడా రాదు.

బలం వేరు, సైజు వేరు అన్న సంగతి కళ్లారా చూడాలంటే వెయిట్‌లిఫ్టింగ్ పోటీలు చూడాలి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో 49 కిలోల విభాగంలో మీరాబాయి చాను, బరువుని ఒకే ఊపులో తలపైకి లేపే స్నాచ్‌లో 87, ముందు భుజాల దాకా తెచ్చి తర్వాత పైకి లేపే క్లీన్ అండ్ జెర్క్‌లో 115, మొత్తం 202 కిలోలు ఎత్తి రజతం గెలిచారు. అంటే క్లీన్ అండ్ జెర్క్‌లో తన ఒంటి బరువుకి రెండింతలకు పైగా బరువుని తలపైకి లేపారు. ఏళ్ల తరబడి రోజూ అదే పనిగా బరువులెత్తిన మనిషి ఆ పోటీలో 49 కిలోల గీత దాటలేదు. కొత్తలో బలం పెరిగేది ఎక్కువగా నరాల వల్ల. ఉన్న కండలోనే ఎక్కువ భాగాన్ని ఒకేసారి పనిలోకి దింపడం మెదడు నేర్చుకుంటుంది.

మరి జిమ్‌లో చేరిన మూడో వారానికే ‘తొడలు లావయ్యాయి, ప్యాంటు బిగుతుగా ఉంది’ అనేవాళ్లంతా ఊహించుకుంటున్నారా? లేదు. వాళ్ల ప్యాంటు నిజంగానే బిగుతవుతుంది. నాకు ఈ విషయంలో అన్నిటికంటే ఆసక్తి కలిగించేది ఈ మొదటి ఆరు వారాలే, ఎందుకంటే చాలామంది బరువులు వదిలేసేది ఇక్కడే.

ఆ వారాల్లో జరిగేది ఇది. అలవాటు లేని కండని కష్టపెట్టినప్పుడు దాని పోగుల్లో చిన్న చిన్న దెబ్బలు తగులుతాయి. వాటిని బాగుచేసుకోవడానికి అక్కడికి నీరు చేరి, కాస్త వాపు వస్తుంది. రెండో రోజు మెట్లు దిగలేకపోవడం కూడా ఆ రిపేరులో భాగమే. దీనికి తోడు, పని పెరిగిన కండ తనలో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిల్వని పెంచుకుంటుంది. ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో సుమారు మూడు గ్రాముల నీరు కూడా లోపలికి వస్తుంది. కాబట్టి వేయింగ్ మిషన్ కిలో, కిలోన్నర ఎక్కువ చూపించడంలో వింతేమీ లేదు. అది కొవ్వు కాదు. మూడు వారాల్లో అంత కండ వచ్చే అవకాశం అసలే లేదు. అది నీరు. ఇంకోపక్క, కండ మీద పరుచుకున్న కొవ్వు ఇంకా కరగలేదు. దానికి నెలలు పడుతుంది. లోపల ఉబ్బిన కండ, పైన కదలని కొవ్వు. ఆ సమయానికి అద్దంలో చూసుకుంటే ఎవరికైనా టెన్షన్ పుడుతుంది. సరిగ్గా నీరు సర్దుకుని, కొవ్వు కదలడం మొదలయ్యే వేళకి ‘ఇది నా ఒంటికి పడదు’ అని మానేస్తారు. మానగానే ఆ నీరు పోయి వారంలో కిలో తగ్గుతుంది. దాంతో ‘చూశావా, బరువులు మానాకే తగ్గాను’ అన్న నమ్మకం జీవితాంతం పాతుకుపోతుంది. నెలసరికి ముందు వారంలో ఒంట్లో నీరు నిలిస్తే ఈ లెక్క ఇంకా తికమకవుతుంది. అందుకే ఈ నెల రెండో వారం బరువుని పోయిన నెల రెండో వారంతోనే పోల్చాలి.

ఇప్పుడు లెక్క వేసి చూద్దాం. ఒకావిడ బరువు 70 కిలోలు, అందులో 35 శాతం కొవ్వు అనుకుందాం. అంటే 24.5 కిలోలు కొవ్వు, మిగతా 45.5 కిలోలు కండ, ఎముక, నీరు వగైరా. ఆవిడ తిండి తగ్గించి, రోజూ నడిచి, ఐదు నెలల్లో 8 కిలోలు తగ్గింది. వ్యాయామంలో బరువులు లేకపోతే తగ్గిన బరువులో సుమారు పావు వంతు కొవ్వు కానిదే ఉంటుందన్నది బాగా తెలిసిన అంచనా. ఆ ప్రకారం 6 కిలోల కొవ్వు, 2 కిలోల కండ వగైరా పోయాయి. ఇప్పుడు 62 కిలోల బరువులో 18.5 కిలోల కొవ్వు, అంటే దాదాపు 30 శాతం. మిషన్ మీద అంకె చూసి అందరూ మెచ్చుకుంటారు. ఆవిడకి మాత్రం అద్దంలో తను అదే ఆకారంలో, కాస్త చిన్న సైజులో కనిపిస్తుంది. చేతుల కింద మెత్తదనం అలాగే ఉంటుంది.

అదే మనిషి అదే ఐదు నెలలు ప్రొటీన్ సరిపడా తింటూ, వారానికి మూడు రోజులు బరువులెత్తిందనుకుందాం. 7 కిలోల కొవ్వు పోయి, అర కిలో కండ వచ్చింది. మిషన్ మీద తగ్గింది ఆరున్నర కిలోలే, బరువు 63.5. కానీ కొవ్వు 17.5 కిలోలకి, అంటే ఇంచుమించు 27.5 శాతానికి దిగింది. మొదటి దారిలో కంటే కిలోన్నర బరువెక్కువ, అయినా నడుం దగ్గర కొవ్వు తక్కువ. భుజానికి, పిరుదులకి, వీపుకి ఆకారం ఇచ్చే కండ అలాగే నిలిచింది. ‘టోన్డ్‌గా ఉండాలి’ అని అందరూ అడిగేది ఈ రెండో శరీరాన్నే. దాని కోసం ఎంచుకునేది మాత్రం మొదటి దారిని.

కండ ఎందుకు నిలుస్తుంది? తిండి తగ్గినప్పుడు శరీరం ఖర్చులు తగ్గించుకుంటుంది. వాడని కండని పోషించడం దండగని చూస్తుంది. బరువు మోసినప్పుడు పోగుల మీద పడే లాగుడు, ఈ కండతో పని ఉందని చెప్పే సంకేతం. నడక అంత గట్టి సంకేతం ఇవ్వదు. ఇక్కడ ఒక అతిశయోక్తిని మా వైపు నుంచే సరిచేయాలి. కండ పెరిగితే కూర్చున్నా క్యాలరీలు బోలెడు ఖర్చవుతాయని ట్రైనర్లు ఊరిస్తుంటారు. ఒక కిలో కండ విశ్రాంతిలో రోజుకి ఖర్చు చేసేది సుమారు 13 క్యాలరీలు. కొవ్వు తగ్గించే పని తిండిదే. తగ్గేది కొవ్వే అయ్యేలా చూసే పని బరువులది.

అవతలి వాదనలోనూ కొంత నిజముంది. కొందరికి తొడలు తొందరగా స్పందిస్తాయి, వాళ్లకి టేపు మీద ఒక సెంటీమీటరు పెరగొచ్చు. వర్కవుట్ చేశాం కదా అని ఆకలి కొద్దీ ఎక్కువ తింటే కొవ్వు, కండ రెండూ పెరుగుతాయి. ‘బరువులెత్తి లావయ్యాను’ అనేవాళ్లలో ఎక్కువమంది కథ ఇదే. అక్కడ మార్చాల్సింది పళ్లెం, డంబెల్ కాదు. ఇక పోటీ స్టేజీల మీది బాడీబిల్డర్ల ఫొటోల విషయం. ఆ ఒళ్లు ఏళ్ల తరబడి చేసిన కఠోర శ్రమతో, గ్రాముల లెక్కన తిన్న తిండితో, చాలాసార్లు బయటి నుంచి ఎక్కించిన హార్మోన్లతో వస్తుంది. పొరపాటున ఎవరికీ రాదు.

చేయాల్సింది కూడా పెద్ద చిట్టా కాదు. గుంజీలు తీసినట్టు చేసే స్క్వాట్, బరువు పట్టుకుని నడుం దగ్గర వంగి లేచే రొమేనియన్ డెడ్‌లిఫ్ట్, వీపు కోసం బరువుని ఒంటివైపు లాగే రో, భుజాల కోసం తలపైకి నెట్టే ప్రెస్. ఒక్కొక్కటి మూడు సెట్లు, సెట్‌కి 8 నుంచి 10 సార్లు, మధ్యలో రెండు నిమిషాల విరామం. సెట్ ఆపేసరికి ‘ఇంకో రెండు మాత్రమే చేయగలను’ అనిపించాలి. మూడు సెట్లలోనూ పది వస్తే తర్వాతిసారి బరువు కాస్త పెంచాలి. గులాబీ రంగు రెండు కిలోల డంబెల్‌తో సమస్య దాని బరువు కాదు, అలసట రాకముందే కిందపెట్టేయడం. ఆరు నెలలకీ అదే డంబెల్ చేతిలో ఉంటే కండకి ఏ సంకేతమూ అందడం లేదు. ప్రొటీన్ ఒంటి బరువులో కిలోకి 1.6 గ్రాముల దగ్గర ఉంటే చాలు. మన 70 కిలోల ఆవిడకి రోజుకి సుమారు 110 గ్రాములు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడగాలి.

దారి సరిగ్గా ఉందో లేదో బొడ్డు దగ్గర టేపు చెబుతుంది. బరువు కదలకపోయినా నడుం తగ్గుతుంటే కొవ్వు పోతున్నట్టే. ఆరు వారాల తర్వాత కూడా రెండూ పెరుగుతుంటే తిండి ఎక్కువైంది. ఎత్తే బరువులు రెండు మూడు వారాలుగా పడిపోతుంటే తిండి మరీ తగ్గింది. నెలసరి ఆగిపోతే మాత్రం డైట్ అక్కడితో ఆపి డాక్టర్‌ దగ్గరికి వెళ్లాలి.

ఇంత చెప్పినా చివరికి అందరూ ఆ మిషన్ ఎక్కి అంకె చూసుకునే నిర్ణయిస్తారు. నా అసలు గొడవ దానితోనే. కిలోల అంకెకి కొవ్వెంతో కండెంతో తెలియదు, అయినా ఆడవాళ్ల ఆరోగ్యం మీద తీర్పు దానిదే. బరువు తగ్గించే ఇంజెక్షన్లు వచ్చాక ఈ గుడ్డి లెక్క ఇంకా ప్రమాదకరమైంది. సెమాగ్లుటైడ్ లాంటి మందులతో ఆకలి చచ్చి, అంకె వేగంగా పడుతుంది; పోయినదాంట్లో చెప్పుకోదగ్గ వాటా కొవ్వు కానిదే. ముప్ఫై దాటాక ఎలాగూ పదేళ్లకి 3 నుంచి 8 శాతం కండ తగ్గుతూ వస్తుంది, వయసుతో నెలసరి పూర్తిగా ఆగాక ఎముక కూడా పల్చబడుతుంది. మందు ఆపితే చాలామందికి బరువు తిరిగొస్తుంది, అందులో ఎక్కువ భాగం కొవ్వే. ఆ ఇంజెక్షన్ రాసే ప్రతి చీటీ మీద స్క్వాట్, రో, ప్రొటీన్ గ్రాములు కూడా రాయాలి. ఆరు నెలల తర్వాత పేషెంట్‌ని మిషన్ ఎక్కించి ఊరుకోకుండా, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా ఎన్నిసార్లు లేవగలదో కూడా చూడాలి.