ఆ నాలుగు గంటల మాట ఎందుకు చెప్పరు?

అంగస్తంభన మాత్రలు పని చేయనివారికి అంగంలో వేసే ఇంజెక్షన్ ఉంది. అది మంచి వైద్యమే. కానీ ఆ సూది వేశాక ఏం జరగవచ్చో ఒక్క ముక్క చెప్పకుండా రోగిని ఇంటికి పంపేసే క్లినిక్‌లు మన నగరంలోనే ఉన్నాయి. ఉప్పల్ వైపు నుంచి మాకు వచ్చిన ఒక ఉత్తరం చదివాక దీనిపై రాయకుండా ఉండలేకపోయాం.

ఆ ఉత్తరం రాసినాయన వయసు 54. షుగర్ పన్నెండేళ్లుగా ఉంది. అంగస్తంభన మాత్రలు వాడినా ఫలితం లేక, ప్రకటన చూసి ఒక క్లినిక్‌కు వెళ్లారు. సాయంత్రం ఆరుకు సూది వేసి, 'ఇంటికెళ్లండి, ఇక దిగులు లేదు' అని పంపారు. ఏ మందో చీటీ మీద రాయలేదు. పది నిమిషాల్లో స్తంభన వచ్చింది, కానీ తగ్గలేదు. రాత్రి పదికి నొప్పి మొదలైంది. క్లినిక్ ఫోన్ స్విచాఫ్. ఇంట్లో పెళ్లీడు కొడుకు, కోడలి కోసం వెతుకుతున్న భార్య. ఎవరికి చెప్పుకుంటారు? ఐస్ పెట్టుకుంటూ తెల్లవారేదాకా కూర్చున్నారు. ఆస్పత్రి క్యాజువాలిటీకి చేరేసరికి ఉదయం తొమ్మిది, అంటే పదిహేను గంటలు. అంగంలో నుంచి సిరంజితో తీసిన రక్తం నల్లగా వచ్చింది. రక్తనాళాలను బిగించే ఫినైలెఫ్రిన్ మందు పలుమార్లు ఎక్కించినా దిగకపోవడంతో ఆపరేషన్ చేసి రక్తం బయటికి పోయే దారి చేయాల్సి వచ్చింది. ఆయనకు మునుపు కాస్తోకూస్తో ఉన్న స్తంభన కూడా ఇప్పుడు లేదు.

ఇది ఎవరికీ తెలియని వింత ప్రమాదమా? కానేకాదు. 1980ల తొలినాళ్లలో ఈ సూది వైద్యం మొదలైనప్పటి నుంచీ వైద్యులకు తెలిసిందే. సూది వేశాక స్తంభన నాలుగు గంటలు దాటితే అది అత్యవసర పరిస్థితి. దీన్ని ప్రయాపిజం అంటారు. అంగం లోపలి కణజాలం స్పాంజీ లాంటిది. స్తంభనలో రక్తం అందులో నిండి, బయటికి పోయే దారులు నొక్కుకుపోతాయి. గంటలో దిగిపోతే ఇబ్బంది లేదు. దిగకపోతే లోపలి రక్తంలో ఆక్సిజన్ అయిపోతుంది, కణజాలం చావడం మొదలవుతుంది. ఒక రోజు దాటితే అక్కడ గట్టి మచ్చ కట్టి, సహజమైన స్తంభన తిరిగి రావడం చాలా కష్టం. నాలుగైదు గంటల్లో వస్తే మాత్రం తరచుగా రక్తం తీసి, ఫినైలెఫ్రిన్ కొద్దికొద్దిగా ఎక్కించి, బీపీ చూసుకుంటూ సరిచేయవచ్చు. ఆపరేషన్ గది దాకా వెళ్లనక్కర్లేదు.

ఇంత తేడా తెచ్చే మాట చెప్పడానికి నిమిషం చాలు. ఆ నిమిషం ఎందుకు కేటాయించరు?

మాత్రకూ సూదికీ ఉన్న తేడా రోగికి వివరించాలి. మాత్ర దానంతట అది స్తంభన తేదు. కోరిక కలిగి, నరాలు సంకేతం పంపితేనే దానికి తోడ్పడుతుంది. దీర్ఘకాల షుగర్‌తో గానీ, ప్రోస్టేట్ ఆపరేషన్‌తో గానీ నరాలు దెబ్బతింటే అందుకే మాత్ర వట్టిదైపోతుంది. సూది మందుకు నరాలతో పని లేదు, నేరుగా రక్తనాళాలను వదులు చేస్తుంది. మాత్ర విఫలమైనచోట ఇది గెలిచేది అందుకే. కోరిక తీరినా, మనసు వద్దన్నా తగ్గకుండా నిలిచేదీ అందుకే. కాబట్టి మోతాదే దీనికి ప్రాణం. ఆల్‌ప్రోస్టాడిల్ మందైతే మామూలుగా 2.5 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి, క్లినిక్‌లోనే చూసుకుంటూ పెంచుతారు. వెన్నుపాము దెబ్బతిన్నవారికైతే అందులో సగంతో మొదలుపెట్టాలి. ఒకరికి 5 చాలితే మరొకరికి 20 కావాలి. స్తంభన గంటకు మించకుండా ఉండే మోతాదే సరైనది. రోజుకు ఒకటి, వారానికి మూడు మించకూడదు. అంగం పక్కన వేయాలి, పైనా కిందా వేయకూడదు. తొలి మోతాదు వేశాక స్తంభన పూర్తిగా దిగేదాకా రోగిని కదలనివ్వకూడదు. చవకగా దొరికే పాపావరిన్ వాడితే ప్రయాపిజం ముప్పు ఆల్‌ప్రోస్టాడిల్ కంటే ఎక్కువ, మచ్చ కట్టే ముప్పూ ఎక్కువ. మరి ఆ మందు వేసేవాళ్లు ఇంకెంత జాగ్రత్తగా ఉండాలి!

రోగిని భయపెడితే మంచి వైద్యానికే దూరమవుతాడని కొందరు డాక్టర్ల వాదన. అందులో కొంత నిజం ఉంది. అయితే నాలుగు గంటల మాట చెబితే పారిపోయే రోగికి సూది వేయడమే తప్పు. ఆ మాట చెప్పకుండా తీసుకున్న అంగీకారాన్ని అంగీకారం అనలేం.

సూది ఇష్టం లేనివారికి వాక్యూమ్ పంపు ఉంది. గొట్టంలో గాలి తీసి రక్తం లాగి, అంగం మొదలు దగ్గర బిగింపు రింగు వేస్తారు. మందు లేదు, గుచ్చడం లేదు. రింగు ముప్పై నిమిషాలకు మించి ఉంచకూడదు. రక్తం పలచబడే మందులు వాడేవారికి కమిలిపోయే అవకాశం ఉంది కాబట్టి డాక్టర్‌ను అడగాలి. అంగం చల్లగా, కాస్త నీలంగా అనిపిస్తుందని కూడా ముందే చెప్పాలి, లేకపోతే తొలిసారే భయపడి పక్కన పడేస్తారు. ఈ మాట చెప్పే క్లినిక్‌లు ఎన్ని? సూది, ఆపరేషన్ ముందు పెట్టి పంపు పేరే ఎత్తనివారి ఉద్దేశం ఏమిటో పాఠకులే ఊహించుకోగలరు.

ఇక ఇంప్లాంట్. కడ్డీలో, గాలి బుడగల్లా నీటితో నింపే గొట్టాలో అంగంలో పెట్టే ఆపరేషన్. పెట్టాక వెనక్కి రావడం లేదు. సహజ కణజాలం పోతుంది, మళ్లీ మాత్రకూ సూదికీ దారి ఉండదు. షుగర్ అదుపులో లేనివారికి ఇన్ఫెక్షన్ భయం ఎక్కువ, ఇన్ఫెక్షన్ వస్తే సాధారణంగా పరికరం మొత్తం తీసేయాలి. అన్ని దారులూ మూసుకుపోయాక ఇది గొప్ప వరమే. కానీ ఉప్పల్ పెద్దమనిషికి ఇప్పుడు మిగిలింది ఇదొక్కటే. మచ్చ కట్టిన కణజాలంలో పెట్టడం మామూలు కేసు కంటే చాలా కష్టం. అజాగ్రత్తగా ఒకరు వేసిన సూది, ఖరీదైన ఆపరేషన్‌గా ఆ కుటుంబం మీద పడింది.

నపుంసకత్వం నయం చేస్తామనే ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించింది. అయినా ఇలాంటి ప్రకటనలు వెలుస్తూనే ఉన్నాయి. ప్రకటనలు ఆపడం ఒక ఎత్తు. అంతకంటే ముందు జిల్లా వైద్యాధికారులు చేయాల్సిన పని మరొకటి ఉంది. అంగంలో సూది వేసే ప్రతి క్లినిక్ మందు పేరు, మోతాదు, వేసిన సమయం రాసి ఇవ్వాలి. అదే చీటీ మీద 'నాలుగు గంటలు దాటితే వెంటనే ఆస్పత్రికి' అని తెలుగులోనూ ఉర్దూలోనూ పెద్ద అక్షరాల్లో ఉండాలి. రాత్రి ఎత్తే ఫోన్ నంబర్ ఉండాలి. ఉస్మానియా, గాంధీ, నిమ్స్ యూరాలజీ విభాగాలున్న నగరంలో, ఎటు వెళ్లాలో తెలియక మనిషి ఇంట్లో కూర్చుని నష్టపోవడం అధికారుల వైఫల్యమే.

చీటీ ఇవ్వలేని క్లినిక్‌కు సూది ముట్టుకునే హక్కు లేదు. ఫోన్ స్విచాఫ్ చేసి పడుకునే డాక్టరు ఆ సాయంత్రం సూది ఎందుకు వేసినట్టు? ఆయన్ను ఈ ప్రశ్న అడగడానికి అధికారులకు ఇంకెన్ని ఉత్తరాలు కావాలి?