ఉద్యోగాల లెక్కలొచ్చే సాయంత్రం గోల్డ్ మినీలో స్టాప్‌లాస్‌ను నమ్ముకోవద్దు

అమెరికా ఉద్యోగాల నివేదిక సాధారణంగా నెలలో మొదటి శుక్రవారం వస్తుంది. అక్కడ ఉదయం ఎనిమిదిన్నర. మన గడియారంలో మార్చి రెండో వారం నుంచి నవంబరు మొదటి వారం దాకా సాయంత్రం 6 గంటలు, మిగతా నెలల్లో 7 గంటలు. ఆ సమయానికి మన కమోడిటీ ఎక్స్ఛేంజ్ ఎంసీఎక్స్‌లో బంగారం ట్రేడింగ్ జోరుగా సాగుతుంటుంది. చాలామంది పొజిషన్ అలాగే ఉంచుకుని, ‘స్టాప్‌లాస్ పెట్టాం కదా, పోతే రెండు వేలే పోతుంది’ అనుకుంటారు. ఆ రెండు వేలు అనే అంకె మామూలు సాయంత్రాలకే పనికొస్తుంది. నివేదిక వచ్చే నిమిషంలో దానికి విలువ లేదు. అందుకే ఆ సమయానికి పొజిషన్ లేకుండా ఉండటమే సరైన పద్ధతని మా వాదన.

స్టాప్‌లాస్ అంటే ఫలానా ధరకు మన సరుకు కొంటామని ఎవరో ఇచ్చిన మాట కాదు. చివరిగా ట్రేడ్ జరిగిన ధర మనం పెట్టిన ట్రిగ్గర్ ధరను తాకితే, అప్పుడు మాత్రమే మన అమ్మకపు ఆర్డర్ ఎక్స్ఛేంజ్ బుక్‌లోకి వెళ్తుంది. అక్కడ కొనేవాళ్లు ఏ ధరకు ఉంటే ఆ ధరే దిక్కు. కాబట్టి చూసుకోవాల్సింది ట్రిగ్గర్ ఎక్కడ పెట్టామన్నది ఒక్కటే కాదు, దాని కింద కొనేవాళ్లు ఎంతమంది ఉన్నారన్నది కూడా.

మామూలు వేళల్లో ఉంటారు. ఎంసీఎక్స్ బంగారం ధర న్యూయార్క్ కామెక్స్ ధరను, రూపాయి–డాలర్ మారకాన్ని పట్టుకుని నడుస్తుంది. ఆ రెంటినీ చూస్తూ ఇక్కడ కొనుగోలు, అమ్మకం రెండు వైపులా ఆర్డర్లు పెట్టే ఆర్బిట్రేజ్ సంస్థల వల్లే బుక్ నిండుగా కనిపిస్తుంది. నివేదిక రాబోతోందంటే వాళ్లకూ భయమే. కామెక్స్ ధర క్షణంలో ఎగిరిపోతే, ఇక్కడ పాత ధరకు పెట్టిన ఆర్డర్‌ను ఎవరో ఎత్తుకుపోతారు, నష్టం వాళ్లకు మిగులుతుంది. అందుకే ముందుగానే ఆర్డర్లు వెనక్కి తీసుకుంటారు, లేదా దూరంగా జరుపుతారు. దీన్ని ఎవరైనా కళ్లారా చూడొచ్చు. నివేదిక 6 గంటలకు వచ్చే రోజైతే, ఐదున్నరకు మార్కెట్ డెప్త్ విండో తెరిచి, ఐదు బిడ్లలో, అంటే కొనేవాళ్లు పెట్టిన ఐదు ధరల్లో, ఉన్న లాట్లు కూడి రాసుకోండి. మొదటి బిడ్‌కూ మొదటి అమ్మకపు ధరకూ మధ్య దూరాన్ని, అంటే స్ప్రెడ్‌ను కూడా రాసుకోండి. 5:58కి మళ్లీ కూడండి. లాట్లు తగ్గి, మొదటి బిడ్‌కూ ఐదో బిడ్‌కూ మధ్య దూరం పెరిగి ఉంటే ఖాళీ మొదలైనట్టే.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. సులువు కోసం పది గ్రాముల ధర 1,00,000 అనుకుందాం. గోల్డ్ మినీ లాటు 100 గ్రాములు, కోట్ చేసేది పది గ్రాముల ధర. అంటే ధర రూపాయి కదిలితే లాటుకు పది రూపాయలు. ఒక లాటు కొని 99,800 దగ్గర స్టాప్ పెట్టారు. అనుకున్న నష్టం 200 ఇంటూ 10, అంటే 2,000 రూపాయలు. నివేదిక అంచనాలకన్నా బలంగా వచ్చింది, డాలర్ లేచింది, బంగారం పడింది. చివరి ట్రేడ్ 99,790 దగ్గర పడి స్టాప్ ట్రిగ్గర్ అయింది. కానీ ఆ లోపే 99,700ల్లో ఉన్న బిడ్లు మాయమయ్యాయి, మీలాంటి వాళ్ల స్టాప్‌లన్నీ ఒకేసారి అమ్మకానికి వచ్చిపడ్డాయి. మీ ఆర్డర్ SL-M, అంటే ట్రిగ్గర్ అయ్యాక మార్కెట్ ధరకే అమ్మే రకం అయితే దొరికిన బిడ్‌కు, ఉదాహరణకు 99,400కు, అమ్ముడవుతుంది. నష్టం 6,000. అనుకున్నదానికి మూడింతలు.

‘అయితే లిమిట్ ఉన్న SL పెడతా’ అంటారు. ట్రిగ్గర్ 99,800, లిమిట్ 99,750 అనుకోండి. 99,750 కంటే తక్కువకు అమ్మనని మీరే చెప్పారు. ధర ఆ అంకెను దాటి నేరుగా 99,500కు దూకితే మీ ఆర్డర్ బుక్‌లో పెండింగ్‌లో పడి ఉంటుంది. పొజిషన్ అలాగే ఉంది, కింద ఆపేది ఏదీ లేదు. 99,000కు వెళ్తే నష్టం పది వేలు. ఆర్డర్ బుక్‌లో ‘ఓపెన్’ అని కనిపిస్తుంటే స్టాప్ ఇంకా కాపలా కాస్తోందని అనుకోవడం ఇక్కడ జరిగే ప్రమాదకరమైన పొరపాటు. ట్రిగ్గర్ అయి, లిమిట్ దగ్గర ఇరుక్కున్న ఆర్డర్ అలాగే కనిపిస్తుంది. మొదటి రకంలో ధర చేతిలో ఉండదు, రెండో రకంలో బయటపడటమే చేతిలో ఉండదు.

మూడో చిక్కు కూడా ఉంది. వార్త మీకు అనుకూలంగా వచ్చినా స్టాప్ ఎగిరిపోవచ్చు. బుక్ పలచబడ్డప్పుడు ఎవరో కంగారుపడి పది లాట్లు మార్కెట్ ఆర్డర్‌లో అమ్మితే చాలు, చివరి ట్రేడ్ ధర 99,800కు జారుతుంది. అసలు ధర ఎక్కడికీ పోలేదు, మీరు మాత్రం బయటపడ్డారు. పైగా ఈ నివేదికలో ఒక్క అంకె ఉండదు. కొత్త ఉద్యోగాల సంఖ్యతోపాటు నిరుద్యోగ రేటు, గంట వేతనాలు, గత రెండు నెలల అంకెల సవరణ కూడా వస్తాయి. మొదటి అంకెకు కిందకు లాగిన ధర, సవరణలు చదివాక పైకి తిరగడం మామూలే. అంచనా నిజమైనా డబ్బు పోయే దారి ఇదే.

ఇలా అనుకున్న ధర నుంచి జారడాన్నే స్లిపేజ్ అంటారు. ‘స్లిపేజ్ ఒక్కోసారి లాభం కూడా ఇస్తుంది కదా’ అనే వాదనలో పస లేదు. 1,00,300 దగ్గర టార్గెట్‌గా పెట్టిన అమ్మకపు లిమిట్ ఆర్డర్ ముందే బుక్‌లో ఉంటుంది. ధర 1,00,800కు దూకినా దారిలో మీ సరుకు 1,00,300కే పోతుంది. నష్టం వైపు జారుడుకు అడ్డు లేదు, లాభం వైపు మాత్రం కట్టేసి ఉంటుంది. ఈ తేడా ఎంత దెబ్బతీస్తుందో చూడండి. పది ట్రేడుల్లో ఐదు గెలిచి, గెలిచినప్పుడు రిస్క్‌కు ఒకటిన్నర రెట్లు తెచ్చుకునే మంచి ట్రేడర్‌కు, ఒక్కో ట్రేడు రిస్క్‌ను ఒకటి అనుకుంటే, ఏడున్నర వస్తుంది, ఐదు పోతుంది, రెండున్నర మిగులుతుంది. ఆ ఐదు నష్టాల్లో ఒక్కటి మూడింతలైతే మిగిలేది అర. పది ట్రేడుల శ్రమలో ఐదింట నాలుగు వంతులు ఒక్క నిమిషంలో పోయినట్టు.

స్టాప్‌ను కోట్ ధరకు 2,000 రూపాయల దూరంలో పెట్టుకుని వారాల తరబడి పొజిషన్ ఉంచేవాళ్లకు ఇది ఇంత తీవ్రంగా వర్తించదు. 400 జారినా వాళ్ల రిస్క్‌లో ఐదో వంతే. లాట్లు తగ్గించుకుంటే సరిపోతుంది. స్టాప్ దూరం చిన్నదయ్యేకొద్దీ జారుడు వాటా పెరుగుతుంది కాబట్టి, బయట ఉండాల్సింది ముఖ్యంగా ఇంట్రాడే వాళ్లే.

బయటపడటం కూడా వేళకు జరగాలి. 5:58కి మార్కెట్ ఆర్డర్ కొడితే, తప్పించుకోవాలనుకున్న స్ప్రెడ్‌నే చెల్లిస్తారు. 5:40 లోపు, బుక్ నిండుగా ఉన్నప్పుడే లిమిట్ ఆర్డర్‌తో ముగించాలి. తర్వాత ఆర్డర్ బుక్ తెరిచి, పెండింగ్‌లో ఉన్న స్టాప్, టార్గెట్ ఆర్డర్లు రెంటినీ రద్దు చేయాలి. పొజిషన్ లేకపోయినా మిగిలిపోయిన స్టాప్ ఆర్డర్ 6 గంటలకు ట్రిగ్గర్ అయితే, అక్కర్లేని షార్ట్ పొజిషన్ నెత్తిన పడుతుంది. మళ్లీ ఎప్పుడు దిగాలన్నదానికి గడియారం కన్నా డెప్త్ విండోనే నమ్మాలి. ఐదున్నరకు రాసుకున్న లాట్లు, స్ప్రెడ్ మళ్లీ ఆ దరిదాపులకు వచ్చి, 15 నిమిషాల క్యాండిల్ ఒకటి పూర్తయితే అప్పుడు చూడొచ్చు.

ఫెడ్ వడ్డీ నిర్ణయం రోజు పరిస్థితి ఇంకా కఠినం. అక్కడ మధ్యాహ్నం 2 గంటలంటే మనకు వేసవిలో రాత్రి 11:30, సరిగ్గా ఎంసీఎక్స్ మూసే సమయం. శీతాకాలంలో నిర్ణయం 12:30కు వస్తుంది, మార్కెట్ 11:55కే మూతపడుతుంది. రోజువారీ స్టాప్ ఆర్డర్ మార్కెట్ మూసేసరికి రద్దయిపోతుంది. పొజిషన్ ఉంచుకున్నవాళ్లు మర్నాడు ఉదయం 9 గంటలకు ఏ ధర తెరుచుకుంటే ఆ ధర దగ్గరే మొదలుపెట్టాలి.