వాపు అంటే చెడు రక్తం కాదు పిన్నీ

“ఒంటి మీద ఎక్కడైనా వాచిందంటే అక్కడ చెడు రక్తం చేరిందని అర్థం. అది కుళ్లితేనే చీము అవుతుంది. అందుకే వాపు కనపడగానే కొత్త బ్లేడుతో చిన్న గాటు పెట్టి చెడు రక్తం పిండెయ్యాలి. రక్తపరీక్షలో తెల్లకణాలు ఎక్కువ వచ్చాయంటే ఎర్ర రక్తం తెల్లబడిపోతోందని గుర్తు. పదిహేను రోజులు బీట్‌రూట్ రసం తాగితే మళ్లీ ఎర్రబడుతుంది. పదిమందికీ పంపండి.”

ఇది మా పిన్ని పంపింది. ఆవిడకి రాజోలు నుంచి ఎవరో పంపారట, సాయంత్రానికల్లా మా వీధిలో సగం ఫోన్లలో ఉంది. నేను ఇక్కడ ఒక చిన్న ల్యాబ్‌లో రక్తం స్లైడ్లు చూస్తుంటాను, ఇలాంటివి రోజుకి రెండు వస్తాయి కాబట్టి చూసి వదిలేస్తాను కూడా. ఈసారి వదల్లేకపోయాను, ఎందుకంటే మా బావ దీన్ని నమ్మి నిజంగానే తన చేతి మీద బ్లేడు పెట్టుకున్నాడు.

ఆ రోజు చెరువు పట్టుబడి. తెల్లవారుజామున నాలుగింటికి రొయ్యలు ట్రేల్లోకి ఎత్తుతుంటే ఒకదాని తల మీద కొమ్ము బొటనవేలి మొదట్లో దిగింది. గ్లౌజులు లేవు. అదే చెరువు నీళ్లతో కడిగేసుకుని పనిలో పడ్డాడు. పది నిమిషాలకే ఆ చోటు ఎర్రబడి వేడెక్కిందట, మధ్యాహ్నానికి ఉబ్బింది, మర్నాడు పొద్దున్న పులుసన్నం కలుపుకోలేక చెంచా అడిగాడు. అప్పుడు గుర్తొచ్చింది ఫార్వర్డు. గాటు పెట్టాడు, రక్తం కారింది, వాపు మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంది.

అసలు ముందు అడగాల్సింది అదే కదా. వాపు నిండా రక్తమే ఉంటే, రక్తం కారాక వాపు దిగాలి. ఎందుకు దిగలేదు?

ఎందుకంటే అందులో ఉన్నది రక్తం కాదు, రక్తంలోంచి ఊరిన నీరు. కొమ్ము దిగగానే చర్మం కింద కాపలా ఉండే మాస్ట్ కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని వదిలేస్తాయి. దానికి అక్కడి సన్నటి ధమనులు వెడల్పవుతాయి, రక్తం ఎక్కువగా వస్తుంది, అదే ఆ ఎరుపూ వేడీ. ఆ తరవాతి మలుపు సన్నటి సిరల్లో జరుగుతుంది. వాటి లోపలి గోడ పలచటి కణాలు పక్కపక్కన పరిచినట్టుంటుంది, హిస్టమిన్ తగలగానే ఆ కణాలు ముడుచుకుంటాయి, మధ్యలో సందులు పడతాయి. ఆ సందుల్లోంచి ప్లాస్మా, అందులోని ప్రొటీన్లతో సహా, బయటికి ఊరుతుంది. ఎర్రకణాలు చాలావరకు లోపలే ఉండిపోతాయి. హిస్టమిన్ పని అరగంటలో అయిపోతుంది గానీ, ఇతర రసాయనాలు ఆ ఊటని గంటల తరబడి నడిపిస్తాయి. బావకి మధ్యాహ్నానికి చెయ్యి ఉబ్బడం అందుకే. గాటు పెట్టినప్పుడు వచ్చిన రక్తం బ్లేడు తెంపిన రక్తనాళాలది, ఎక్కడ కోసినా అదే వస్తుంది.

పైగా ఆ నీరు చెడ్డది కూడా కాదు. అందులో యాంటీబాడీలుంటాయి, కాంప్లిమెంట్ అనే ప్రొటీన్లుంటాయి, గడ్డకట్టి వలలా అల్లుకునే ఫైబ్రినోజెన్ ఉంటుంది. చెరువు నీళ్లతో లోపలికి వెళ్లిన బ్యాక్టీరియాకి మొదట ఎదురయ్యేది ఇదే. నొప్పి సంగతంటారా, కొంత ఆ ఒత్తిడి వల్ల, కొంత బ్రాడీకైనిన్, ప్రోస్టాగ్లాండిన్ అనే రసాయనాల వల్ల.

ఇక చీము. నాకు బాగా కోపం తెప్పించింది ఈ ముక్కే, ఎందుకంటే చీము వెనక ఉన్నంత కథ రక్తపరీక్షలో మరి దేనికీ లేదు.

నీరు బయటికి ఊరేసరికి నాళంలో మిగిలిన రక్తం చిక్కబడి నెమ్మదిస్తుంది. కాలువలో నీరు మందగించినప్పుడు గుర్రపుడెక్క గట్టు వారకి చేరడం చూశారు కదా, ఇక్కడా అలాగే, ఎర్రకణాలు మధ్యలో సాగిపోతుంటే తెల్లకణాలు గోడ వారకి వస్తాయి. ఆ గోడ మీద అప్పటికే సెలెక్టిన్లు అనే కొక్కేలు లేచి ఉంటాయి. కణం వాటికి తగులుకుంటుంది, ప్రవాహానికి ఊడుతుంది, మళ్లీ తగులుకుంటుంది, అలా దొర్లుకుంటూ వెళ్తుంది. దొర్లుతూ ఉండగా గాయం దగ్గర్నుంచి వచ్చే సంకేతం అందితే, దాని ఒంటి మీది ఇంటిగ్రిన్లు అనే ప్రొటీన్లు బిగుసుకుని గోడకి గట్టిగా అతుక్కుంటాయి. ఇక కదలదు. తరవాత సాగి సన్నబడి, రెండు గోడకణాల మధ్య సందులోంచి దూరి బయటపడుతుంది.

బయటపడ్డాక దారి ఎలా తెలుస్తుంది? వాసన పట్టుకున్నట్టు వెళ్తుంది. బ్యాక్టీరియా వదిలే ప్రొటీన్ ముక్కలు, కాంప్లిమెంట్‌లోంచి తెగిన సి5ఏ, ఇంటర్‌ల్యూకిన్-8, ఇవి ఎటు ఎక్కువుంటే అటు పాకుతుంది. ముందు వచ్చేవి న్యూట్రోఫిల్స్, మొదటి 6 నుంచి 24 గంటలు వాటిదే రాజ్యం. 24 నుంచి 48 గంటల మధ్య మోనోసైట్లు వచ్చి, అక్కడే మాక్రోఫేజ్‌లుగా మారి పని అందుకుంటాయి.

అప్పుడు జరిగేది కణభక్షణ, ఫాగోసైటోసిస్. జారుడు బ్యాక్టీరియాని వట్టినే పట్టుకోవడం కష్టం. అందుకే ముందుగా యాంటీబాడీలూ కాంప్లిమెంట్ ముక్కలూ దాని ఒంటికి అంటుకుంటాయి, తడి చేపకి బూడిద రాసుకుని పట్టు దొరకబుచ్చుకున్నట్టు. తెల్లకణం రెండు వైపుల నుంచీ చుట్టుముట్టి దాన్ని ఒక సంచిలో మూసేస్తుంది. ఆ సంచిలోకి ఎంజైములు వచ్చి పడతాయి, ఆక్సిజన్‌తో విషాలు తయారవుతాయి, చివరికి మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైము హైపోక్లోరస్ ఆమ్లం తయారుచేస్తుంది. వరదలప్పుడు పంచాయతీ వాళ్లు బావుల్లో వేసే బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో కలిశాక పనిచేసేది కూడా ఈ ఆమ్లమే. ఆ ఎంజైముది ఆకుపచ్చ రంగు, చీము ఒక్కోసారి పచ్చగా కనపడడానికి అదొక కారణం.

ఇంత చేసి న్యూట్రోఫిల్ ఒకటి రెండు రోజుల్లో అక్కడే చచ్చిపోతుంది. చచ్చిన న్యూట్రోఫిల్స్, కరిగిన కండ, చచ్చినవీ బతికున్నవీ బ్యాక్టీరియా, ఊరిన నీరు, ఇవన్నీ కలిస్తే చీము.

దీనికి రుజువు కావాలా? ఇంటిగ్రిన్ లోపంతో పుట్టే పిల్లలుంటారు, చాలా అరుదు. వాళ్ల రక్తంలో తెల్లకణాలు విపరీతంగా ఉంటాయి, కానీ గోడకి అతుక్కోలేవు కాబట్టి బయటికి రాలేవు. పుండ్లు పడతాయి, మానవు, బొడ్డుతాడు కూడా ఆలస్యంగా రాలుతుంది. అయినా ఆ పుండ్లలో చీము పట్టదు. రక్తం కుళ్లితేనే చీము అయ్యేటట్టయితే వాళ్లకీ పట్టాలిగా, రక్తం ఉందిగా!

బావ రెండో రోజు సాయంత్రం ల్యాబ్‌కి వచ్చాడు. మైక్రోలీటరుకి తెల్లకణాలు 14,200. మామూలుగా 4,000 నుంచి 11,000 లోపు ఉండాలి. కాగితం చూసి మొహం మాడ్చుకుని, “తెల్లబడిపోతోందా బావా?” అన్నాడు. ఎర్రకణాలు ఎన్నో చూడమన్నాను. 48 లక్షలు. అంటే మూడొందల పైచిలుకు ఎర్రకణాలకి ఒక్క తెల్లకణం. ఆ ఒక్కటీ రంగేం మారుస్తుంది? ఎర్రకణం తెల్లకణంగా మారడం అనేది అసలు లేదు. రెండూ ఎముక మజ్జలో ఒకే మూలకణం నుంచి మొదలైనా వేరువేరు దారుల్లో పెరుగుతాయి. బీట్‌రూట్ రసం ఎరుపు దాని రంగే, తాగితే మూత్రం రంగు మారొచ్చు, అంతే.

మొత్తం సంఖ్య కంటే అందులో ఏ రకం ఎంతన్నది ముఖ్యం. స్లైడుకి రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టి నూరు తెల్లకణాలు లెక్కపెడతాం. బావకి న్యూట్రోఫిల్స్ 82, లింఫోసైట్లు 13, ఇసినోఫిల్స్ 3, మోనోసైట్లు 2. న్యూట్రోఫిల్ కేంద్రకం మూడు నాలుగు తమ్మెలుగా పూసల దండలా ఉంటుంది, ఈ కణాలు మామూలుగా నూటికి 40 నుంచి 70 వరకే ఉండాలి. లింఫోసైట్‌ది గుండ్రని నల్లటి చుక్క, యాంటీబాడీల పనీ వైరస్ పట్టిన కణాల పనీ వాటిది. ఇక్కడ 13 అన్నది నూటికి లెక్క, న్యూట్రోఫిల్స్ పెరగడంతో అవి తక్కువగా కనపడ్డాయి గానీ నిజంగా తగ్గలేదు. బేసోఫిల్ నూటికి ఒకటి దొరికితే గొప్ప, హిస్టమిన్ విషయంలో మాస్ట్ కణానికి చుట్టం లాంటిది. ఇసినోఫిల్ నిండా నారింజ రంగు రేణువులుంటాయి, అది పెరిగితే మనవైపు ఎలర్జీ, కడుపులో పురుగులు, ఫైలేరియా గుర్తొస్తాయి. ఫైలేరియా మందు డైఇథైల్‌కార్బమజీన్ భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం నుంచి వచ్చిందే, ఈ మాట మా ల్యాబ్‌కి వచ్చే పిల్లలకి చెబితే ఒక్కరికీ తెలియదు.

పెరిగిన ఆ కణాలు ఎక్కణ్నుంచి వచ్చాయంటే, కొన్ని నాళాల గోడలకి ఆనుకుని కూర్చున్నవే ప్రవాహంలోకి దిగుతాయి, కొన్ని మజ్జలో నిల్వ ఉన్నవి. అవసరం ఎక్కువైతే పూర్తిగా ఎదగని, కేంద్రకం ఇంకా తమ్మెలుగా విడిపోనివి కూడా బయటికొస్తాయి. అవి కనపడితే లోపల పోరు గట్టిగా ఉందని రాస్తాం. లుకేమియా అనే రక్త క్యాన్సర్ వేరే కథ, అక్కడ బ్లాస్ట్‌లు అనే పచ్చి కణాలు గుంపులుగా కనపడతాయి, బావ స్లైడులో అవి లేవు.

బ్లేడు గురించి ఒక్క మాట ఒప్పుకుంటాను. చీము ఒకచోట గూడు కట్టాక దాన్ని తెరవాల్సిందే, మధ్యలోకి రక్తం వెళ్లదు కాబట్టి మందూ సరిగా వెళ్లదు. మూడో రోజు డాక్టరుగారు చేసింది అదే, తిమ్మిరి సూది వేసి, శుభ్రమైన పరికరంతో, చీము చేరిందని నొక్కి చూసుకుని. అప్పుడు బయటపడింది అసలు దొంగ, గోరు కొసంత కొమ్ము ముక్క. అది లోపలున్నంతసేపూ న్యూట్రోఫిల్స్ వస్తూనే ఉంటాయి, చస్తూనే ఉంటాయి. బావ ముందురోజు పెట్టిన గాటు దాని దగ్గరికి కూడా పోలేదు, చర్మానికి ఇంకో తలుపు తెరిచిందంతే. ధనుర్వాతం ఇంజెక్షనూ, యాంటీబయాటిక్సూ ఇచ్చి పంపారు.

ఇక్కడ చెరువుల్లో చేసేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఉప్పునీటిలో విబ్రియో అనే బ్యాక్టీరియా ఉండొచ్చు, దానిలో ఒక రకం గంటల్లోనే కండలోకి పాకుతుంది, షుగరూ లివర్ జబ్బూ ఉన్నవాళ్లకి మరీ ప్రమాదం. షుగరు అదుపులో లేకపోతే న్యూట్రోఫిల్స్ పాకడమూ తినడమూ రెండూ మందగిస్తాయి. ఎరుపు చుట్టూ పెన్నుతో గీత గీసుకోండి, అది గీత దాటినా, చేతి మీదుగా చంక వైపు ఎర్రటి చార లేచినా, నల్లటి బొబ్బలొచ్చినా, చలిజ్వరం వచ్చినా, కనపడేదానికి మించి నొప్పి ఉన్నా, తెల్లారేదాకా ఆగకండి.

పదో రోజు బావ రక్తం మళ్లీ చూశాను. తెల్లకణాలు 7,800, న్యూట్రోఫిల్స్ 61. ఈ పది రోజుల్లో వాళ్లింట్లో ఎవరూ బీట్‌రూట్ కొనలేదు.