ముక్కు దిబ్బడ మాత్ర: బీపీ ఉన్నవారికి లాభం లేని బేరం

నరసన్నపేటలో 64 ఏళ్ల విశ్రాంత ఉపాధ్యాయుడు ఒకాయన ఉన్నారనుకుందాం. రోజూ ఉదయం బీపీకి అమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు, లయ తప్పే గుండెకు మెటోప్రొలోల్ వేసుకుంటారు. మంచు దట్టంగా కురిసే రోజుల్లో జలుబు పట్టి, ముక్కు రెండు వైపులా మూసుకుపోతే మందుల షాపుకు వెళ్లి "జలుబుకు ఏదైనా ఇవ్వు బాబూ" అంటారు. రోజుకు మూడు చొప్పున వేసుకోమని షాపతను ఒక షీటు చేతిలో పెడతాడు. బీపీ ఉందా అని అతను అడగడు, ఉందని ఈయన చెప్పరు.

ఆ షీటు వెనుక చిన్న అక్షరాల్లో సాధారణంగా కనిపించేవి జ్వరానికి పారాసిటమాల్, ముక్కు కారకుండా క్లోర్‌ఫెనిరమిన్, దిబ్బడ తగ్గడానికి ఫినైలెఫ్రిన్. కొన్నింటిలో కెఫీన్ కూడా ఉంటుంది. వీటిలో మనం పట్టించుకోవలసింది ఫినైలెఫ్రిన్. జలుబులో ముక్కు మూసుకుపోవడానికి లోపలి పొరలోని రక్తనాళాలు ఉబ్బడం ముఖ్య కారణం, వాటిని కుదించడమే ఈ మందు పని. అయితే మింగిన మందు ముక్కు ఒక్కదానికే వెళ్లదు కనుక ఒంట్లోని ఇతర రక్తనాళాలనూ అది కుదించగలదు, నాళం ఇరుకైతే రక్తపోటు పెరుగుతుంది. ఒక పక్క అమ్లోడిపిన్‌తో నాళాలను వదులు చేసుకుంటూ, మరో పక్క వాటిని బిగించే మాత్ర వేసుకోవడం అన్నమాట.

పోనీ ముక్కయినా తెరుచుకుంటుందా అంటే, మింగిన ఫినైలెఫ్రిన్‌లో ఎక్కువ భాగం పేగు గోడలోనూ కాలేయంలోనూ విచ్ఛిన్నమై, రక్తంలోకి చేరేది కొద్దిగానే ఉంటుంది. 2023 సెప్టెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ నిపుణుల సంఘం, మామూలు మోతాదులో నోటి ద్వారా తీసుకునే ఫినైలెఫ్రిన్ దిబ్బడకు పనిచేయదని ఏకగ్రీవంగా తేల్చింది. ఆ మోతాదుకు బీపీ కూడా చాలామందిలో పెద్దగా పెరగకపోవచ్చు. అయినా ప్రయోజనమే లేని మందుకు చిన్న ప్రమాదాన్ని మాత్రం ఎందుకు భరించాలన్నది నా ప్రశ్న.

కొన్ని జలుబు మాత్రల్లో ఫినైలెఫ్రిన్‌కు బదులు ఉండే సూడోఎఫెడ్రిన్ సంగతి వేరు. అది నిజంగానే ముక్కును తెరుస్తుంది, కానీ గుండెను కూడా ప్రేరేపిస్తుంది. సగటున బీపీ కొద్దిగానే పెరుగుతుందని అధ్యయనాలు చెబుతున్నా, సగటు లెక్క ఏ ఒక్క మనిషికీ హామీ కాదు. తీవ్రమైన లేదా అదుపులో లేని బీపీ ఉన్నవారు, తీవ్రమైన కిడ్నీ జబ్బు ఉన్నవారు దానిని వాడకూడదని ఐరోపా ఔషధ సంస్థ 2024లో స్పష్టం చేసింది. గుండె లయ తప్పేవారు కూడా దానికి దూరంగా ఉండడమే మేలు.

మన ఉపాధ్యాయుడికి మూడో రోజు గుండె దడ మొదలైంది, ఎప్పుడూ 130 దగ్గర ఉండే పై బీపీ 148 చూపించింది. తప్పు మాత్రదేనని అప్పుడే అనలేం, ఎందుకంటే నిద్ర లేకపోయినా, జ్వరం ఉన్నా అంకె పెరుగుతుంది. జలుబు మాత్ర ఆపి, బీపీ మాత్రలు ఆపకుండా, ఐదు నిమిషాలు కదలకుండా కూర్చున్న తర్వాత ఉదయం, సాయంత్రం చూసుకోవాలి. ఒకటి రెండు రోజుల్లో అంకె దిగివస్తే అనుమానం బలపడుతుంది. దడ తగ్గకపోతే వైద్యుడికి చూపించి ఈసీజీ తీయించాలి. ఛాతీ నొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం, ఒక పక్క చెయ్యి పట్టు తప్పడం వంటివి కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఆయనకు మొదట కావలసింది ఉప్పునీరు. మరిగించి చల్లార్చిన గ్లాసు నీటిలో, అంటే సుమారు 250 మిల్లీలీటర్లలో, అర టీస్పూను ఉప్పు కలిపి ముక్కు కడుక్కోవచ్చు, లేదా షాపులో దొరికే సెలైన్ చుక్కలు వాడుకోవచ్చు. (బీపీ వారికి ఉప్పేమిటని సందేహం రావచ్చు గానీ, ఆ నీరు మింగేది కాదు, చీదేసేది.) జ్వరానికి విడి పారాసిటమాల్ చాలు, అయితే నీటిలో వేస్తే పొంగే రకంలో సోడియం ఎక్కువ కనుక అది వద్దు. రాత్రి ఊపిరాడక నిద్ర పట్టకపోతే, వైద్యుడు సరేనంటే, జైలోమెటాజొలిన్ చుక్కలు మూడు రోజులు వాడవచ్చు. అంతకు మించితే మందు ఆపగానే ముక్కు మళ్లీ బిగుసుకుపోతుంది. సెట్రిజిన్ తుమ్ములకు, అలర్జీకి పనికొస్తుంది గానీ మామూలు జలుబు దిబ్బడను పెద్దగా తగ్గించదు.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు వారికి మరో జాగ్రత్త అవసరం. ఒళ్లు నొప్పులకని జలుబు మాత్రతో పాటు ఇచ్చే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ బీపీని పెంచడమే కాక, ముందే దెబ్బతిన్న కిడ్నీలను మరింత దెబ్బతీస్తాయి.

షీటు మీద పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి, వాటిలో మనం చూసుకోవలసిన మూడూ పీ అక్షరంతోనే మొదలవుతాయి. పీ తర్వాత ఏ ఉంటే పారాసిటమాల్, హెచ్ ఉంటే ఫినైలెఫ్రిన్, ఎస్ ఉంటే సూడోఎఫెడ్రిన్. తరువాతి రెండింటిలో ఏది కనిపించినా ఆ షీటును షాపులోనే తిరిగి ఇచ్చేసి, విడి పారాసిటమాల్ అడగాలి.