“లాస్ట్ ఇయర్ లాగే, ప్లస్ టెన్ పర్సెంట్”

సంఘం కోశాధికారి మూడు వారాల కిందట 2026-27 బడ్జెట్ షీట్లు పంపమని కమిటీ పెద్దలందరికీ ఈమెయిల్ పెడితే, దానికి ఈ రోజు పొద్దున్న సాంస్కృతిక కమిటీ నుంచి వచ్చిన జవాబు మొత్తం ఇదీ: “గురువుగారూ, లాస్ట్ ఇయర్ లాగే, ప్లస్ టెన్ పర్సెంట్ వేసేసుకోండి.” కింద ఒక దండం బొమ్మ. షీటు లేదు, నెల లేదు, లెక్క లేదు. గడువు నిన్న సాయంత్రం 5 గంటలకే అయిపోయింది, అది వేరే సంగతి.

ఆ ఈమెయిల్ రాసింది నేనే. జనవరి 18న, అంటే కనుమ, ముక్కనుమ కూడా అయిపోయి అందరికీ గారెలు అరిగాక పంపాను. గడువు ఫిబ్రవరి 10. మధ్యలో రథసప్తమికి అరసవల్లి వెళ్లొచ్చినవాళ్లకీ వీలుండాలనే మూడు వారాలు ఇచ్చాను. ఆ తేదీ నా సరదా కోసం పెట్టింది కాదు. సర్వసభ్య సమావేశం మార్చి 22. మా బైలా ప్రకారం 21 రోజుల ముందు నోటీసుతోపాటు బడ్జెట్ కాపీ సభ్యులకి అందాలి, అంటే మార్చి 1. దానికి ముందు ఫిబ్రవరి 22న కార్యవర్గం చూడాలి. అంతకుముందు అన్ని షీట్లూ ఒకచోట చేర్చి, కూడి, రాబడికి మించితే ఎక్కడ కోయాలో ఆయా కమిటీలతో మాట్లాడటానికి పది పన్నెండు రోజులు కావాలి. ఫిబ్రవరి 10 అలా వచ్చింది. “శివరాత్రి అయ్యాక చూద్దాం బావా” అనేవాళ్లకి మార్చి 1 కూడా శివరాత్రితోపాటు జరుగుతుందని నమ్మకం కాబోలు.

అడిగిందేమన్నా రాకెట్ సైన్సా? ఒక్కో కమిటీకి ఒక్క షీటు. అదే ఈమెయిల్‌కి జవాబుగా జతచేసి పంపాలి, `2026-27_samskrutika.xlsx` అన్నట్టు పేరు పెట్టి. వాట్సాప్‌లో కాగితం ఫొటో వద్దు, ఎందుకంటే ఫొటోలో అంకెలు కూడవు. ప్రతి ఖర్చుకీ ఒక వరుస: ఏం పని, ఏ నెల, ఎన్ని, ఒక్కోటి ఎంత, పన్నుతో కలిపి మొత్తం ఎంత. 25,000 దాటితే మూడు కొటేషన్లు. పక్క గడిలో ఈ ఏడాది డిసెంబరు దాకా నిజంగా ఖర్చయినది, మార్చి దాకా ఇంకా అయ్యేది విడివిడిగా.

“ఎన్ని, ఒక్కోటి ఎంత” అని ఎందుకు అడుగుతామంటే, సిరిమానోత్సవం రోజు మజ్జిగ పంపకం చూడండి. సేవా కమిటీ ఏటా ఒక్క ముక్క రాసేది, పోయినసారి “మజ్జిగ: 15,000” అని. ఈసారి షీటులో సరిగ్గా రాశారు. 2,000 గ్లాసులు, గ్లాసుకి 150 మిల్లీలీటర్లు, అంటే 300 లీటర్ల మజ్జిగ. ఒక వంతు పెరుగుకి మూడు వంతుల నీళ్లు కలుపుతారు కాబట్టి పెరుగు 75 కిలోలు, కిలో 80 చొప్పున 6,000. కాగితం గ్లాసులు 2,000, ఒక్కోటి 80 పైసలకి 1,600. ఉప్పు, మిర్చి, అల్లం, కరివేపాకు, ఐసు 900. మొత్తం 8,500. పదిహేను వేలు ఎక్కడినుంచి వచ్చాయో ఎవరికీ తెలీదు, ఎవరూ దొంగలు కారు. ఎప్పుడో ఎవరో ఒక గుండు అంకె రాశారు, దాని మీద ఏటా పదేసి శాతం ఎక్కింది. అంతే.

ఇప్పుడు మన సాంస్కృతిక కమిటీ “లాస్ట్ ఇయర్ లాగే” దగ్గరికి వద్దాం. వాళ్ల పెద్ద ఖర్చు ఉగాది కవి సమ్మేళనం. షామియానా 12,000, మైకు 9,000, 150 మందికి టిఫిన్లు 60 చొప్పున 9,000, పంచాంగ శ్రవణం చేసే పంతులుగారికీ కవులకీ సంభావనలు 10,000. మొత్తం 40,000. దానికి పది శాతం కలిపితే 44,000. బాగుంది కదా?

2026-27లో ఉగాదే లేదు మహానుభావా!

క్యాలెండర్ తీసి చూడండి. ఈ ఉగాది 2026 మార్చి 19న, అది ఇప్పటి బడ్జెట్లోది. వచ్చే ఉగాది 2027 ఏప్రిల్ 7న. మన లెక్కల సంవత్సరం ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా. ఆ మధ్యలో ఉగాది రాదు. చాంద్రమానం ఏడాదికి పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది, అధికమాసం వచ్చినప్పుడు మళ్లీ వెనక్కి పోతుంది. ఈ ఏడాది అధిక జ్యేష్ఠం ఉంది, అందుకే పండగ మార్చి నుంచి ఏప్రిల్‌లోకి దూకింది. పంచాంగ శ్రవణం పెట్టించే కమిటీకి పంచాంగం చూడమని కోశాధికారి చెప్పాలి!

ఆ తర్వాతి 2027-28లో రెండు ఉగాదులు: 2027 ఏప్రిల్ 7, 2028 మార్చి 27. ఇప్పుడు 44,000 మంజూరు చేస్తే అది ముట్టుకోకుండా మిగులుతుంది. ఏడాది తిరిగాక ఒకేసారి రెండింతలు అడిగితే సభలో “ఏటిది, దోచేస్తన్నారా?” అని లేచేది ఎవరి మీదికి? కోశాధికారి మీదికే.

ఇది కొత్తగా వచ్చిన కష్టం కూడా కాదు. 2023-24లోనూ ఉగాది లేదు, 2024-25లో రెండొచ్చాయి, ఏప్రిల్ 9న ఒకటి, మార్చి 30న ఒకటి. మంజూరైంది ఒక్కదానికే. రెండోది చేసేశారు, బిల్లులేమో ఏప్రిల్ తేదీతో తెచ్చారు. మార్చిలో జరిగిన పని ఖర్చు మార్చి లెక్కలోనే పడాలి, మంజూరేమో లేదు. అప్పుడు ఎంత గొడవైందో ఆ కమిటీకే గుర్తు లేకపోతే ఇంకెవరికి ఉంటుంది?

2026-27కి వాళ్లు అడగాల్సింది రెండే వరుసలు. ఒకటి, 2027 మార్చిలో షామియానాకీ మైకుకీ ఇచ్చే సగం అడ్వాన్సు 10,500. అది ఆ ఏడాది ఖర్చు కాదు, అడ్వాన్సు కిందే ఉంటుంది, పండగ అయ్యాక తర్వాతి ఏడాది ఖర్చులోకి మారుతుంది. కానీ బ్యాంకులోంచి డబ్బు మార్చిలోనే పోతుంది కాబట్టి విడిగా రాయాలి. రెండోది, “ఉగాది నిధి” అని పక్కన పెట్టమని ఒక మొత్తం, రెండు పండగల ఏడాదికి పనికొస్తుంది. ఆ కొటేషన్లలో కూడా అడుగున చిన్నక్షరాల్లో “జీఎస్టీ అదనం” అని ఉందేమో చూసుకోవాలి. 18 శాతం వేస్తే షామియానా, మైకు కలిపి 21,000 కాస్తా 24,780 అవుతుంది. ఆ రెండింటి మీద మీ పది శాతం 2,100, అక్కడే చాలదు.

అసలు పది శాతం దేని మీద? పెరుగు ధర పెరగొచ్చు, టిఫిన్ పెరగొచ్చు. కవిగారి సంభావన నాలుగేళ్లుగా అంతే ఉంది, పాపం ఆయనకి మాత్రం పది శాతం ఎవరూ వెయ్యరు.

షామియానా అంటే గుర్తొచ్చింది, కుర్చీలు. ఆ 12,000లో 150 కుర్చీల అద్దె 8 చొప్పున 1,200 ఉంది. ఏడాదికి ఆరు కార్యక్రమాలకి 7,200. సంఘానికి సొంతంగా 100 కుర్చీలున్నాయి, సభ్యుల చందాతో కొన్నవే. అవి వాడితే అద్దెకి తేవాల్సింది 50, ఆరుసార్లకీ కలిపి 2,400. ఏటా 4,800 మిగులుతుంది. మూడేళ్లుగా ఆస్తుల జాబితాలో రాస్తున్నాను, మూడేళ్లుగా అద్దె బిల్లు వస్తూనే ఉంది. “స్టోరు రూము తాళం దొరకలేదు గురువుగారూ” అంటారు.

తాళంచెవి సాంస్కృతిక కమిటీ దగ్గరే ఉంది. రిజిస్టర్లో సంతకం కూడా ఉంది.