కాంటాక్ట్ లెన్స్‌తో కళ్లు మండుతుంటే

"రోజంతా లెన్స్‌తో కంప్యూటర్ ముందే ఉంటాను. సాయంత్రానికి ఇసుక పడ్డట్టు ఉంటుంది. చుక్కలు వేసుకుంటూ పెట్టుకోవచ్చా?"

పెట్టుకోవచ్చు అక్కా, కానీ సీసా మీద బెంజాల్కోనియం క్లోరైడ్ అనే ప్రిజర్వేటివ్ పేరు ఉంటే లెన్స్ ఉండగా వేయకండి. మెత్తటి లెన్స్ దాన్ని పీల్చుకుని గంటల తరబడి నల్లగుడ్డుకు తగిలిస్తుంది. ప్రిజర్వేటివ్ లేని, లెన్స్ మీద వేయొచ్చని రాసి ఉన్నవే అడగండి. ఎరుపు తగ్గించే చుక్కలు వేరు, కంటి పొడిదనానికి అవి పనిచేయవు. మా మహబూబ్‌నగర్ ఎండాకాలంలో కూలర్ గాలి ముఖానికే కొడుతుంటే ఏ చుక్కలైనా ఎంతసేపు ఆగుతాయి?

లెన్స్ తీసినా నొప్పి, ఎరుపు, వెలుతురు చూడలేకపోవడం, మసక ఉంటే అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి, అది ఇన్ఫెక్షన్ కావచ్చు. నల్లగుడ్డు అంచు నుంచి లోపలికి రక్తనాళాలు పాకుతున్నాయని డాక్టర్ అన్నా, ఇన్ఫెక్షన్ మళ్లీ మళ్లీ వస్తున్నా చుక్కలతో నెట్టుకురావద్దు, అద్దాలకు మారిపోండి.